సగం సమానం అంటే ఎంత సమానం? ఒక కబడ్డీ లీగ్ టీవీ డబ్బుల పంపకం

నేను హన్మకొండలో ఆడిటర్‌ని. రైస్ మిల్లులు, గ్రానైట్ క్వారీలు, ఆసుపత్రులు నా ఫైళ్లలో ఎక్కువ. ఉత్తర తెలంగాణలో ఎనిమిది జట్లతో నడిచే ఒక కబడ్డీ లీగ్ లెక్కలు కూడా చూస్తాను. దాని రెండో సీజన్‌కు టీవీ, స్ట్రీమింగ్ డబ్బులు జట్ల మధ్య ఎలా పంచాలో నిర్ణయించే పని నాకు అప్పజెప్పారు. ఆ కేసునే ఇక్కడ రాస్తున్నాను. లీగ్ పేరు, జట్ల పేర్లు చెప్పను. వరంగల్ నగరం నుంచి ఆడే పెద్ద జట్టును ‘నగరం’ అంటాను. ములుగు, ఏటూరునాగారం వైపు కుర్రాళ్లతో ఆడే జట్టును ‘అడవి’ అంటాను. మిగతా ఆరు వీటి మధ్యలో ఉంటాయి. అంకెలను లెక్క సులువుగా సాగేలా కొంచెం గుండ్రంగా మార్చాను. పరిస్థితి మాత్రం ఉన్నదే.

మొదటి సీజన్‌లో జీఎస్‌టీ, కెమెరా ఖర్చులు, లీగ్ ఖర్చులు పోను జట్లకు పంచడానికి 24 లక్షలు మిగిలాయి. దాన్ని వ్యూస్ లెక్కన పంచారు. ఎవరి మ్యాచ్‌లు ఎక్కువ మంది చూస్తే వాళ్లకు ఎక్కువ. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చివరికి నగరానికి 8 లక్షలు వచ్చాయి, అడవికి 80 వేలు. పదికి ఒకటి.

ఈ తేడా చూసి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాలో 2015 వరకు ఏ క్లబ్బు టీవీ హక్కులు ఆ క్లబ్బే అమ్ముకునేది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలకు ఏటా తలా 14 కోట్ల యూరోల దాకా వచ్చేవి. పట్టిక కింద ఉన్న క్లబ్బులకు అందులో ఎనిమిదో వంతు కూడా దొరకడం కష్టంగా ఉండేది. 2015 ఏప్రిల్‌లో స్పెయిన్ ప్రభుత్వం అత్యవసర చట్టం తెచ్చి హక్కులన్నీ ఉమ్మడిగానే అమ్మాలంది, పంచే పద్ధతి కూడా చట్టంలోనే రాసింది. మా కమిటీ సభ్యుల్లో ఒకరు అదే ఫోన్‌లో చదివి, “సార్, ప్రపంచమంతా 50-25-25 నడుస్తున్నది. మనం కూడా అదే పెడదాం” అన్నారు. సగం అందరికీ సమానం, పావు వంతు ఆటలో స్థానానికి, పావు వంతు జనం చూసేదానికి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోనూ దేశీయ టీవీ డబ్బులకు చాలా కాలంగా ఇదే పద్ధతి. నగరం జట్టు ఓనరు కూడా వెంటనే ఒప్పుకున్నారు. ఆయన అంత తొందరగా ఒప్పుకోవడమే నాకు అనుమానం తెప్పించింది.

50-25-25 అన్నది పైన అతికించిన లేబుల్ మాత్రమే. ఆ పావు వంతుల లోపల డబ్బు ఏ మెట్ల మీదుగా దిగుతుందన్నది వేరే సంగతి. ఇంగ్లండ్‌లో 20 క్లబ్బులు. చివరి స్థానానికి ఒక యూనిట్, దానిపైన రెండు, అలా ఛాంపియన్‌కు 20 యూనిట్లు. మొత్తం 210 యూనిట్లు. అంటే స్థానాలకు పెట్టిన డబ్బులో ఛాంపియన్‌కు 9.5 శాతం, చివరి క్లబ్బుకు దాదాపు అర శాతం. స్పెయిన్‌లో అదే పావు వంతులో మొదటి స్థానానికి 17 శాతం, రెండో స్థానానికి 15, మూడుకు 13, నాలుగుకు 11. అలా దిగి చివరి క్లబ్బుకు పావు శాతం. ఇంగ్లండ్ మెట్లలో పైకి, కిందకి తేడా 20 రెట్లు. స్పెయిన్‌లో 68 రెట్లు.

ఇంకో తేడా దీనికంటే పెద్దది. ఇంగ్లండ్‌లో స్థానం అంటే ఈ సీజన్ స్థానం. స్పెయిన్‌లో అయిదు సీజన్ల స్థానాలు కలిపి లెక్కిస్తారు. తాజా సీజన్‌కు 35 శాతం బరువు, దాని ముందుదానికి 20, ఆ ముందరి మూడింటికి 15 చొప్పున. గతంలో బాగా ఆడినవాడికి ఇవాళ్టి చెక్కులోనూ వాటా ఉంటుందన్నమాట.

ఇది జట్లకు ఏం చేస్తుందో చూపించడానికి కమిటీ ముందు ఒక లెక్క వేశాను. 2015-16లో లెస్టర్ సిటీ ఎవరూ ఊహించని విధంగా ప్రీమియర్ లీగ్ గెలిచింది. అంతకుముందు ఏడాది 14వ స్థానం, ఆ ముందు మూడేళ్లూ రెండో డివిజన్. ఆ సీజన్‌లో రెండో స్థానం ఆర్సెనల్‌ది. దాని ముందరి నాలుగు సీజన్లలో అది వరుసగా మూడు, నాలుగు, నాలుగు, మూడు స్థానాల్లో నిలిచింది. ఇంగ్లండ్ మెట్లలో లెస్టర్‌కు 20 యూనిట్లు, ఆర్సెనల్‌కు 19. గెలిచినవాడికి ఎక్కువ, ఓడినవాడికి ఒక మెట్టు తక్కువ, అంతే. ఇప్పుడు స్పెయిన్ బరువులు పెట్టండి. లెస్టర్ రెండో డివిజన్ ఏళ్లకు సున్నా వేస్తే, ఈ సీజన్ 17లో 35 శాతం, గత సీజన్ 1.75లో 20 శాతం కలిపి 6.3 శాతం. ఆర్సెనల్‌కు 13.1 శాతం. కప్పు గెలిచిన జట్టుకు వచ్చే దానికి రెండింతలకు పైగా రెండో స్థానం జట్టుకు పోతుంది. రెండు దేశాల్లోనూ ఆ పావు వంతు ఆటలో ఫలితానికి ఇచ్చేదే.

మా లీగ్‌కు ఇంకా ఒక్క సీజన్ చరిత్రే ఉంది కాబట్టి అయిదేళ్ల బరువు ప్రశ్న రాలేదు. మెట్ల ప్రశ్న మాత్రం వచ్చింది. రెండో సీజన్‌కు ఛానల్ ఎక్కువ ఇస్తానంది, షరతు ఒక్కటే: ఎనిమిది జట్లూ కలిసి సంతకం చేయాలి, లైవ్ చూపించే 14 మ్యాచ్‌లను ఛానలే ఎంచుకుంటుంది. ప్రతి జట్టూ మిగతా ప్రతి జట్టుతో ఒక్కో మ్యాచ్ ఆడితే మొత్తం 28 మ్యాచ్‌లు, అందులో సగం టీవీలో, మిగతావి యూట్యూబ్‌లో. పంచాల్సిన ఉమ్మడి మొత్తం 32 లక్షలు. సగం సమానంగా అంటే తలా 2 లక్షలు. స్థానాలకు 8 లక్షలు, జనం చూసేదానికి 8 లక్షలు. ఇక్కడి నుంచి రెండు రకాలుగా లెక్క కట్టి, గత సీజన్ పట్టిక మీదే నడిపి చూపించాను.

మొదటిది ఇంగ్లండ్ రకం. ఎనిమిది జట్లకు 8 నుంచి 1 దాకా యూనిట్లు, మొత్తం 36. నగరానికి 1.78 లక్షలు, అడవికి 22 వేలు. చూసేదానికి పెట్టిన డబ్బును వ్యూస్‌తో కాకుండా లైవ్‌లో కనిపించిన మ్యాచ్‌ల లెక్కన పంచాలి. ప్రతి మ్యాచ్‌లో రెండు జట్లు కాబట్టి 28 వాటాలు, ఒక్కోటి దాదాపు 28,570. గత సీజన్‌లో నగరం ఆరు మ్యాచ్‌లలో లైవ్‌లో కనిపించింది, అడవి రెండింటిలో. మొత్తం కలిపితే నగరానికి 5.49 లక్షలు, అడవికి 2.79 లక్షలు. రెండింటి నిష్పత్తి రెండుకు కొంచెం తక్కువ.

రెండోది నగరం ఓనరు మనసులో ఉన్న రకం. స్థానాల మెట్లు నిటారుగా ఉంటాయి: మొదటికి 30 శాతం, తర్వాత 22, 16, 12, 8, 6, 4, చివరికి 2. చూసేదానికి నేరుగా వ్యూస్. గత సీజన్ వ్యూస్‌లో నగరం వాటా మూడో వంతు, అడవి వాటా 3.3 శాతం. ఇలా వేస్తే నగరానికి 7.07 లక్షలు, అడవికి 2.43 లక్షలు. నిష్పత్తి 2.9.

రెండింటి మీదా రాసింది 50-25-25 అనే. ఒకటి రెండు రెట్లు, ఒకటి దాదాపు మూడు రెట్లు. మినిట్స్ బుక్‌లో శాతాలు మాత్రమే రాసుకుని లేచిపోయి ఉంటే, తర్వాత ఎవరు ఏ మెట్లు వేసినా ఒప్పందం తప్పినట్టు కాదు. అందుకే నేను శాతాల కంటే ముందు రాయించింది నిష్పత్తి: అందరికంటే ఎక్కువ తీసుకునే జట్టుకు, తక్కువ తీసుకునే జట్టుకు మధ్య 2.25 రెట్లు దాటకూడదు. స్పెయిన్ చట్టంలో కూడా ఇలాంటి పరిమితి ఉంది: 4.5 రెట్లు మించకూడదు, మొత్తం ఆదాయం వంద కోట్ల యూరోలకు పెరిగితే 3.5కు దిగాలి. ఇంగ్లండ్‌లో విదేశీ టీవీ డబ్బులు చాలాకాలం పూర్తిగా సమానంగా పంచేవారు. అందుకే 2015-16లో ఎక్కువ తీసుకున్న ఆర్సెనల్‌కు దాదాపు 10.1 కోట్ల పౌండ్లు, అట్టడుగున దిగిపోయిన ఆస్టన్ విల్లాకు దాదాపు 6.7 కోట్లు. ఒకటిన్నర రెట్లే. 2019 నుంచి విదేశీ డబ్బుల పెరుగుదలలో స్థానాన్ని కలిపినప్పుడు వాళ్లు కూడా 1.8 రెట్ల పరిమితి రాసుకున్నారు.

ఆర్సెనల్ లెస్టర్ కంటే ఎక్కువ ఎలా తీసుకుందని కమిటీలో ఒకరు అడిగారు, మంచి ప్రశ్నే. ఆర్సెనల్ మ్యాచ్‌లను టీవీ వాళ్లు ఎక్కువ ఎంచుకున్నారు, అందుకు. కప్పు గెలిచినా టీవీ అంత తొందరగా అలవాటు మార్చుకోదు.

అసలు గొడవ వ్యూస్ దగ్గర జరిగింది. నగరం ఓనరు వాదన సూటిగానే ఉంది. “అన్నా, జనం మా మ్యాచ్ చూడనికే వస్తున్నరు. అడవితో మేం ఆడితేనే అడవికి వ్యూస్. వాళ్లు వాళ్లలో వాళ్లు ఆడితే ఎవరు చూస్తున్నరు?” ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేను గత సీజన్ వ్యూస్ మ్యాచ్‌ల వారీగా తీశాను. అడవి వ్యూస్‌లో పెద్ద భాగం నిజంగానే నగరంతో ఆడిన రోజువే. అయితే అదే పట్టికను నగరం వైపు నుంచి చదవాలి. నగరం ఏకపక్షంగా 30 పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్‌లలో రెండో సగానికి చూసేవాళ్లు బాగా పడిపోయారు. చివరి రైడ్ దాకా తేలని మ్యాచ్‌లలో చివర్లో పెరిగారు. ఛానల్ ప్రకటనలు అమ్ముకునేది ఆ చివరి నిమిషాలనే. ఛానల్ కొంటున్నది జట్టును కాదు, మ్యాచ్‌ను. మ్యాచ్‌కు రెండు జట్లు కావాలి, అందులో రెండోది కాస్త ఎదురు నిలవాలి.

వ్యూస్‌తో పంచడంలో ఇంకో చిక్కు కూడా ఉంది, పైకి చిన్నగా కనిపిస్తుంది. గెలిచే జట్టునే జనం ఎక్కువ చూస్తారు. కాబట్టి స్థానానికి పావు, వ్యూస్‌కు పావు అంటే రెండు వేర్వేరు గుణాలకు ఇచ్చినట్టు కాదు, ఒకే గెలుపుకు రెండుసార్లు ఇచ్చినట్టు. మా ఎనిమిది జట్ల స్థానాల వరుసను, వ్యూస్ వరుసను పక్కపక్కన పెడితే ఒక్క జట్టు తప్ప అంతా ఒకే క్రమం. ఈ రెండు పావులూ కలిసి నడిచే చోట ‘సగం సమానం’ పక్కన ‘సగం గెలుపుకు’ అని రాసుకోవాలి. ఇక యూట్యూబ్ వ్యూస్‌ను పెంచడం ఎంత సులువో కూడా చెప్పాలి. మొదటి సీజన్ చివర్లో రెండు జట్ల మ్యాచ్‌లకు రాత్రి రెండు గంటలకు వేలల్లో వ్యూస్ వచ్చాయి, చూసిన సగటు సమయం కొన్ని సెకన్లు. ఎవరు చేయించారో తేల్చడానికి నేను పోలీసును కాను. డబ్బును దానికి ముడిపెట్టొద్దన్నాను, అంతే.

చివరికి లైవ్ మ్యాచ్‌ల లెక్కకే ఒప్పుకున్నారు. ప్రీమియర్ లీగ్‌లో ప్రతి క్లబ్బుకు కనీసం పది మ్యాచ్‌ల రుసుము వచ్చే ఏర్పాటు ఉండేది, అన్ని మ్యాచ్‌లు చూపించకపోయినా. మేం కనీసం రెండు అని రాశాం.

నగరానికి మాత్రం నిరుటి 8 లక్షల నుంచి 5.49 లక్షలకు దిగడం కష్టం. స్పెయిన్‌లో పాత ఆదాయం ఉన్నపళంగా పడిపోకుండా మార్పు కాలానికి హామీ పెట్టారు. మేం కూడా రెండు సీజన్లపాటు నగరానికి నిరుటి మొత్తంలో 75 శాతం, అంటే 6 లక్షలు తగ్గకుండా హామీ ఇచ్చాం. తక్కువ పడిన 51 వేలు మిగతా ఏడు జట్లు తలా దాదాపు 7,250 చొప్పున భరించాలి. అడవికి అప్పుడు 2.72 లక్షలు. నిష్పత్తి 2.2, పరిమితి లోపలే. ఉమ్మడి మొత్తం 24 నుంచి 32 లక్షలకు పెరగబట్టే ఇది కుదిరింది. పెరగని డబ్బును తిరిగి పంచడం వేరే యుద్ధం. నగరం ఒప్పుకోవడానికి నా లెక్క ఒక్కటే కారణం కాదు. నాలుగు చిన్న జట్లు పాత పద్ధతైతే సంతకం పెట్టేది లేదన్నాయి, ఎనిమిది సంతకాలు లేకపోతే ఛానల్ 32 ఇవ్వనంది.

ఇప్పుడు ఆటలో ఏం మారిందో చూద్దాం. జట్ల మధ్య సమతూకాన్ని కొలవడానికి నేను వాడింది నోల్-స్కలీ నిష్పత్తి. జట్ల గెలుపు శాతాలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో తీయాలి. అన్ని జట్లూ సమానమై ప్రతి మ్యాచ్ బొమ్మా బొరుసులా తేలితే ఎంత చెదిరేవో దానితో భాగించాలి. ఒకటికి దగ్గరగా వస్తే సమతూకం, పెరిగే కొద్దీ ఏకపక్షం. ఏడు మ్యాచ్‌ల సీజన్‌కు ఆ పోలిక సంఖ్య అరను ఏడు వర్గమూలంతో భాగిస్తే వచ్చే 0.189. మొదటి సీజన్‌లో జట్ల గెలుపులు 6, 6, 5, 4, 3, 2, 1, 1. నిష్పత్తి 1.46. రెండో సీజన్‌లో 6, 5, 4, 4, 3, 3, 2, 1. నిష్పత్తి 1.13.

ఈ అంకెను చూసి కమిటీ సంబరపడింది. నేను రెండు సంగతులు గుర్తుచేశాను. ఏడేసి మ్యాచ్‌ల లీగ్‌లో పైజట్టు అన్నీ గెలిచి, కిందిది అన్నీ ఓడి, మధ్యలో ఒక్క సంచలనమూ లేకపోయినా ఈ నిష్పత్తి 1.73 దాటదు. అందుకని దీన్ని 38 మ్యాచ్‌ల యూరప్ లీగుల అంకెతో పోల్చకూడదు. రెండోది, రెండు మూడు మ్యాచ్‌లు చివరి రైడ్‌లో అటు తిరిగితే 1.13 కాస్తా 1.3 అయ్యేది. ఒక్క సీజన్ మార్పును ఫార్ములా ఖాతాలో వేయలేం. అడవి ఆరో స్థానానికి ఎదగడం మాత్రం డబ్బుతో ముడిపడి ఉందని నమ్ముతాను, ఎందుకంటే ఆ డబ్బు ఎటు పోయిందో నాకు వోచర్లలో కనిపించింది: ఒక అనుభవం ఉన్న రైడర్, పార్ట్‌టైమ్ కోచ్, సొంత మ్యాట్. నిరుడు ఆ జట్టు మట్టి కోర్టులో ప్రాక్టీస్ చేసి, మ్యాచ్ రోజే మ్యాట్ ఎక్కేది. పాదాలు జారి లోపల చిక్కిపోయే రైడ్లు అప్పట్లో చాలా ఉండేవి.

కప్పు మాత్రం నగరమే గెలిచింది. ఎందుకో చెప్పడానికి టీవీ డబ్బు కాగితం చాలదు, మొత్తం బడ్జెట్ చూడాలి. నగరం ఆ సీజన్‌లో ఖర్చు చేసింది 14 లక్షలు. అందులో టీవీ నుంచి 6, మిగతా 8 స్పాన్సర్ల నుంచి. అడవి ఖర్చు నాలుగున్నర లక్షలు, అందులో టీవీదే 2.7. టీవీ డబ్బులో తేడా 2.2 రెట్లు, మొత్తం డబ్బులో 3.1. నేను కుదించగలిగింది టీవీ ముక్కనే. స్పెయిన్‌లో కూడా అంతే జరిగింది. 2015 తర్వాత పదేళ్లలో లీగ్ టైటిల్ బార్సిలోనా, రియల్ మాడ్రిడ్‌లకే పోయింది, మధ్యలో 2021లో ఒక్కసారి అట్లెటికో మాడ్రిడ్. అట్లెటికో 2014లో కూడా గెలిచింది, అంటే పాత, అసమానమైన పద్ధతి నడుస్తున్నప్పుడే. ఛాంపియన్స్ లీగ్ డబ్బు, స్టేడియం టికెట్లు, ప్రపంచవ్యాప్త స్పాన్సర్లు ఆ చట్టం పరిధిలోకి రావు. కాబట్టి ఛాంపియన్ల జాబితా చూసి ‘మార్పు పనిచేయలేదు’ అనడం తొందరపాటు. మార్పు కనిపించాల్సిన చోటు పట్టిక మధ్య భాగం, కింది జట్ల జీతాల చెల్లింపులు.

“మరి ఐపీఎల్‌లో అట్ల కాదు గదా సార్, నిరుడు ఆఖర్న ఉన్న సన్‌రైజర్స్ ఈసారి ఫైనల్‌కు పాయె” అని ఒక సభ్యుడు అడిగాడు. 2023లో పదో స్థానం, 2024లో రన్నరప్, ఆ మాట నిజమే. అక్కడ ఉమ్మడి టీవీ డబ్బు జట్లకు దాదాపు సమానంగా పోవడంతో పాటు, ఆటగాళ్ల మీద ఖర్చుకు అందరికీ ఒకే పరిమితి ఉంది, 2024 సీజన్‌కు జట్టుకు 100 కోట్లు. స్పాన్సర్ల డబ్బు ఎంత ఎక్కువ వచ్చినా వేలంలో అంతకు మించి పెట్టలేరు. టీవీ డబ్బును ఎంత సమంగా పంచినా, బయటి డబ్బు నేరుగా ఆటగాళ్లను కొనగలిగితే ఆ సమానత్వం సగంలో ఆగిపోతుంది. ఆటగాళ్ల ఖర్చుకు 8 లక్షల పరిమితి పెడదామని నేను ప్రతిపాదించాను. నగరంతో పాటు, స్పాన్సర్ల మీద ఆశ ఉన్న మరో రెండు జట్లు ఒప్పుకోలేదు. పరిమితి కింద ఎప్పటికీ ఉండబోయే జట్లు కూడా దానికి గట్టిగా పట్టుబట్టలేదు. రేపు మాకు కూడా ఒక క్వారీ ఓనరు దొరుకుతాడేమో అన్న ఆశ అందరికీ ఉంటుంది.

మూడో సీజన్‌కు ఛానల్ కొత్త కోరిక పెట్టింది: 14 కాదు, 20 మ్యాచ్‌లు లైవ్ చూపిస్తామని. డబ్బు పెంచలేదు. ఫార్ములాలో ఒక్క అక్షరం మార్చకుండానే ఇది పంపకాన్ని మారుస్తుంది. 20 మ్యాచ్‌లకు 40 వాటాలు, ఒక్కోటి 20 వేలు. నగరం తన ఏడు మ్యాచ్‌లూ లైవ్‌లో ఆడినా 1.4 లక్షలే. అడవి లాంటి జట్టుకు మూడు మ్యాచ్‌లు దొరికినా 60 వేలు. మొదటి, చివరి స్థానాల మధ్య తేడా, హామీ కలపకుండా, 1.97 నుంచి 1.83కు దిగుతుంది. నగరం ఓనరుకు ఈ లెక్క ఎవరో ముందే చెప్పినట్టున్నారు. ఒక్కో లైవ్ మ్యాచ్ రుసుము 28,570 తగ్గకూడదని ఆయన సవరణ పంపారు. అలా చేస్తే 40 వాటాలకు 11.43 లక్షలు కావాలి, ఆ అదనపు 3.43 లక్షలు సమాన వాటాలోంచి తీయాలి, జట్టుకు 43 వేల చొప్పున. సవరణ ఇంకా కమిటీ ముందే ఉంది. నేను దాని పక్కన ఈ 43 వేల లెక్క రాసి అన్ని జట్లకూ పంపాను.